పదికి మించి కలపరు

మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. దూది మూట ఇంటి ముందు దిగితే పైపైన చూసి ఏనాడూ సరే అనలేదు. మోచేయి దాకా చెయ్యి దూర్చి, మధ్యలోంచి పిడికెడు లాగి, చెంపకి ఆనించి చూసేవాడు. నీళ్ళు చల్లి బరువు పెంచారేమోనని ఒక అనుమానం, లోపల గింజ కలిపారేమోనని ఇంకొకటి. "పైన మల్లెపువ్వు, లోపల మన్ను" అనేవాడు. ఆ చెయ్యి నాకు వచ్చింది. చదువుకుని లెక్కల లెక్చరర్నయ్యాను గానీ బుద్ధి మాత్రం మూటలో చెయ్యి పెట్టే బుద్ధే. మా ఇంట్లో నన్ను పోలీసమ్మ అనేవాళ్ళు. అననీ! మోసపోయిన వాళ్ళని ఎవరూ మెచ్చుకోరుగా.

నేను చెప్పేది తొంభైల చివర సంగతి. సత్తెనపల్లి వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పనిచేస్తున్నాను. ఆ రెండు మూడేళ్ళలోనే మా కాలేజీకి బీఎస్సీ కంప్యూటర్స్ వచ్చింది. ఇక చూడండి గోల! పత్తి రైతూ, మిరప రైతూ, ఎరువుల కొట్టాయనా, అందరి పిల్లలకీ అదే సీటు కావాలి. గదిలో ఉన్నవి పది కంప్యూటర్లు, అందులో రెండు ఎప్పుడూ చెడిపోయి ఉండేవి. అయినా సరే, దాంట్లో సీటొస్తే పిల్ల బతుకు దారిన పడినట్టే అనుకునేవాళ్ళు.

సీట్లు ఇంటర్ మార్కుల వరసలో ఇచ్చేవాళ్ళం. వెయ్యికి ఎన్ని వస్తే అన్ని. దానికి తోడు మా కాలేజీ పెట్టుకున్న బోనస్ మార్కుల రూలొకటి ఉండేది. ఆటల్లో జిల్లా స్థాయిలో ఆడితే అయిదు, రాష్ట్ర స్థాయిలో ఆడితే పది. ఇంటర్లో ఎన్ఎస్ఎస్‌లో చేరి, రెండేళ్ళలో రెండు వందల నలభై గంటలు సేవ చేసి, పది రోజుల క్యాంపుకి కూడా వెళ్ళి సర్టిఫికెట్టు తెస్తే అయిదు. ఎన్ని సర్టిఫికెట్లు తెచ్చినా మొత్తం మీద పదికి మించి కలపరు. ఇంకో మాట కూడా రూల్లో ఉంది. ఫెయిలైన వాణ్ణి పాసు చేయడానికి ఈ మార్కులు పనికిరావు, పాసైన వాళ్ళని వరసలో నిలబెట్టడానికే.

పది మార్కులు ఏపాటి అని మీరనుకోవచ్చు. చివరి సీటు దగ్గర తెలుస్తుంది వాటి విలువ. చివరి సీటు ఏడు వందల దగ్గర ఆగిందనుకోండి, చేతిలో పది ఉన్న పిల్లకి ఆరు వందల తొంభై చాలు. మిగతా వాళ్ళు ఏడు వందలూ చదివి తెచ్చుకోవాలి. అందుకే ప్రతి జూన్‌లోనూ మా ఊళ్ళో ఎక్కడ లేని క్రీడాకారులూ పుట్టుకొచ్చేవాళ్ళు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే పిల్లవాడు లాంగ్‌జంప్ సర్టిఫికెట్టు తెచ్చేవాడు. ఒకడు తెచ్చిన వాలీబాల్ సర్టిఫికెట్టు మీద సంతకం వాళ్ళ మామయ్యది. నేనే పట్టుకున్నాను.

దరఖాస్తులు చూసే కమిటీలో ముగ్గురం ఉండేవాళ్ళం. ప్రిన్సిపాల్ గారు, పీడీ గారు, నేను. పీడీ అంటే ఆటల మాస్టారు. మెడలో ఎప్పుడూ ఈల, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. ఆయనంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. ఆటల పిల్లలు కాలేజీలో చేరితే ఆయన జట్లు బాగుపడతాయి కదా. మరి ఆయన సర్టిఫికెట్లు చూసి "కరెక్టే మేడం" అంటే నేనెలా నమ్మాలి? ఆయనకీ నా మీద మంచి అభిప్రాయం ఉండేది కాదు. కోడిగుడ్డుకి ఈకలు పీకే రకం అని స్టాఫ్ రూంలో నా గురించి అన్నారట. ఆ మాట నా చెవిన పడకుండా ఉంటుందా?

ఆ ఏడు నాకు ఇంకో చిక్కు కూడా ఉంది. మా అక్క కూతురు అదే గ్రూపుకి దరఖాస్తు పెట్టింది. దానికి ఆరు వందల తొంభై ఆరు. బోనస్ ఒక్కటీ లేదు. పుస్తకం తప్ప మరో లోకం తెలియని పిల్ల. నన్ను పిన్నీ అని పిలుస్తూ నా వెనకే పెరిగింది. ఇంటర్ రెండో ఏడు మొత్తం మా ఇంట్లోనే ఉండి నా దగ్గరే లెక్కలు చెప్పించుకుంది. ఈ సంగతి నేను కమిటీలో చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఇంటిపేర్లు వేరు కాబట్టి కాగితం మీద తెలియదు. నేను ఎవరికీ మేలు చేయబోవడం లేదు, ఇంక చెప్పడమెందుకు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

గురువారం మధ్యాహ్నం, ఫ్యాన్ కింద కాగితాలు ఎగిరిపోకుండా డస్టర్లు బరువు పెట్టుకుని దరఖాస్తులు తిరగేస్తున్నాను. అప్పుడు వచ్చింది ఆ పిల్ల ఫారం. పక్క ఊరు. తండ్రి వృత్తి దగ్గర 'కౌలు వ్యవసాయం, మిరప' అని రాసి ఉంది. ఇంటర్ మార్కులు ఆరు వందల ఎనభై తొమ్మిది. వెనకాల బోలెడు సర్టిఫికెట్లు, అన్నీ లామినేషన్ చేయించి. వ్యాసరచన, ముగ్గుల పోటీ, పల్స్ పోలియో రోజు పనిచేసినందుకు ఇచ్చిన కాగితం, ఏదీ వదల్లేదు. మా వైపు జనం అంతే. ఆఫీసుకి పోతే ఏ కాగితం అడుగుతారో, ఏది లేదని వెనక్కి పంపుతారోనని పుట్టినప్పటి నుంచి ఉన్నవన్నీ సంచిలో వేసుకుని వస్తారు. వాటి మధ్యలో పనికొచ్చేవి రెండున్నాయి. రాష్ట్ర స్థాయి కబడ్డీ ఒకటి, ఎన్ఎస్ఎస్ క్యాంపుది ఒకటి.

కబడ్డీకి పది, క్యాంపుకి అయిదు. పదిహేనైనా పదే కలుపుతాం. ఆరు వందల తొంభై తొమ్మిది.

వేలితో వరస చూసుకుంటూ వెళ్ళాను. ఓపెన్ సీట్లలో చివరిది సరిగ్గా అక్కడే ఆగుతోంది. ఈ పిల్లది ఉంటే చివరి సీటు దీనిది. లేకపోతే తర్వాతి పేరు ఆరు వందల తొంభై ఆరు. మా అక్క కూతురు.

అప్పుడు మళ్ళీ తిరగేశాను సర్టిఫికెట్లు. వరస చూడక ముందే తిరగేశానా, చూశాక తిరగేశానా? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. చూశాకే. ఇప్పుడు దాచి ఏం లాభం?

క్యాంపు సర్టిఫికెట్టులో జనవరి ఇరవై నుంచి ఇరవై తొమ్మిది దాకా, పది రోజులూ పాల్గొన్నట్టుంది. కబడ్డీ సర్టిఫికెట్టులో టోర్నమెంటు జనవరి ఇరవై ఏడు నుంచి ఇరవై తొమ్మిది దాకా, రాయలసీమలో ఎక్కడో. ఓసి నీ తెలివి! ఒకే మనిషి ఆ మూడు రోజులూ ఇక్కడ పల్లెటూళ్ళో కాలవ పూడిక తీసిందా, అక్కడ కబడ్డీ ఆడిందా? మూటలో చెయ్యి పెడితే తడి తగిలినట్టయింది. రెండిట్లో ఒకటి అబద్ధం. ఒకటి అబద్ధమైతే రెండోది మాత్రం నిజమని ఏముంది? ఎర్ర సిరాతో ఫారం మీద 'పెండింగ్' అని రాసి మొత్తం దరఖాస్తే పక్కన పెట్టేశాను.

రూలు ప్రకారం అనుమానం వచ్చిన సర్టిఫికెట్టు మార్కులు ఆపాలి, దరఖాస్తుని కాదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఏ సర్టిఫికెట్టు అబద్ధమో తేలనప్పుడు ఏది ఆపాలి అని వాదించాను. ప్రిన్సిపాల్ గారికి ఆ రోజు వంద తలనొప్పులు. "సరే అమ్మా, అభ్యంతరాలకి సోమవారం దాకా టైముందిగా" అన్నారు. పీడీ గారు ఫారం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "ఈ అమ్మాయి ఆట నేను చూశాను మేడం, కూతకెళ్తే ఒట్టి చేతులతో రాదు" అన్నారు.

"మీరు అందరి ఆటలూ చూస్తారు సార్" అన్నాను.

ఆయన ఈల తిప్పుకుంటూ బయటికి వెళ్ళిపోయారు.

శుక్రవారం సాయంత్రం తాత్కాలిక లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టారు. ఓపెన్‌లో చివరి పేరు మా అక్క కూతురిది. అడుగున ఒక లైను, ఫలానా నంబరు దరఖాస్తు పెండింగ్, సర్టిఫికెట్ల పరిశీలన అని. మా అక్క ఆ లైను చదవలేదు. చదివినా పట్టించుకునే మనిషి కాదు. ఇంటింటికీ వెళ్ళి సీటొచ్చిందని చెప్పుకుంది. మా బావ కొట్టు ముందు కూర్చుని దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చెప్పాడు. నేను ఆపలేదు. ఆగమంటే ఎందుకు ఆగాలో చెప్పాలి కదా.

శనివారం పొద్దున్నే ఆ పిల్ల తండ్రితో వచ్చింది. ఆయన చేతివేళ్ళు మిరపకాయలు కోసీ ఎత్తీ గోళ్ళ దగ్గర ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చెప్పులు గది బయటే విడిచాడు. మేం ముగ్గురం టేబుల్ వెనక కూర్చున్నాం. పిల్ల నిటారుగా నిలబడింది. మోకాలి కింద పాత దెబ్బ మచ్చ, పావడా అంచు కింద కొంచెం కనిపిస్తోంది. బండి మీంచి పడితే కూడా అలాంటి మచ్చే పడుతుంది అనుకున్నాను. చూశారా నా బుద్ధి!

"ఏమ్మా, జనవరి ఇరవై ఎనిమిదో తేదీన నువ్వెక్కడున్నావు?" అని అడిగాను.

"టోర్నమెంటులో ఉన్నానండి."

"మరి క్యాంపులో పది రోజులూ ఉన్నట్టు ఈ సర్టిఫికెట్టు ఎక్కడిది?"

"క్యాంపులో ఏడు రోజులే ఉన్నానండి. ఇరవై ఆరో తేదీ జెండా ఎగరేశాక మా సారుకి చెప్పి రాత్రి రైలుకి జట్టుతో వెళ్ళాను. సర్టిఫికెట్లు అందరికీ ఒకే తేదీలతో టైపు చేయించారు. నేను వెళ్ళి చెప్తే, పోనీలే అమ్మా, ఆడటానికేగా వెళ్ళావు అన్నారు సారు."

"అంటే తప్పుడు సర్టిఫికెట్టని తెలిసే పెట్టావన్నమాట."

తండ్రి కంగారు పడిపోయాడు. "అది నేనే పెట్టమన్నానమ్మా. ఉన్న కాగితాలన్నీ పెట్టవే, ఏది పనికొస్తుందో అన్నాను. పిల్ల వద్దనే అంది" అన్నాడు.

ఆ పిల్ల తండ్రి వైపు చూడలేదు. నా వైపే చూసింది. "ఎన్ఎస్ఎస్ కాగితం తీసేయండి మేడం. దాంతో నాకు పనిలేదు. కబడ్డీకే పది వస్తాయి కదా, పదికి మించి కలపరుగా" అంది.

నేను లెక్కల లెక్చరర్ని. ఆ పిల్ల పద్దెనిమిదేళ్ళ పిల్ల. రూలు నాకంటే బాగా చదువుకుంది. క్యాంపు కాగితం ఉన్నా ఆరు వందల తొంభై తొమ్మిదే, తీసేసినా ఆరు వందల తొంభై తొమ్మిదే. దాని వల్ల ఆమెకి ఒక్క మార్కు లాభం లేదు. లేని లాభానికి ఎవరైనా దొంగ కాగితం తెస్తారా?

సిగ్గుపడాల్సింది. పడ్డానా? లేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! ఇంత తేలిగ్గా వదిలేసుకుంటోందంటే దీని వెనక ఇంకేదో ఉంది, అసలు దొంగది కబడ్డీదే, దాని మీద నుంచి మన కళ్ళు తప్పించడానికే ఇది వదిలేస్తోంది అనుకున్నాను. లెక్క కూడా మనసులో వేసేశాను. కబడ్డీ అబద్ధమై క్యాంపు నిజమైతే ఆరు వందల తొంభై నాలుగు. రెండూ పోతే ఎనభై తొమ్మిది. రెండూ మా పిల్ల తొంభై ఆరు కంటే తక్కువే. కబడ్డీ నిజమైతేనే ఆమెకి సీటు.

ప్రిన్సిపాల్ గారు తేల్చేశారు. క్యాంపు సర్టిఫికెట్టు లెక్కలోకి తీసుకోము. కబడ్డీది మాత్రం జట్లని పంపిన గుంటూరు ఆఫీసులో రిజిస్టరు చూసి రావాలి. సోమవారం నాలుగింటికి ఫైనల్ లిస్టు. ఎవరు వెళ్తారు అన్నారు.

"నేను వెళ్తాను సార్" అన్నారు పీడీ గారు.

"మీరొద్దు సార్, నేనే వెళ్తాను" అన్నాను. ఆయన పిల్లలకి ఆయనే సాక్ష్యమా? కుదరదు.

పీడీ గారు తల ఊపారు. తండ్రీకూతుళ్ళు బయటికి వెళ్ళాక, ఫైళ్ళు సర్దుతూ మామూలుగా అడిగినట్టు అడిగారు. "లిస్టులో చివరి అమ్మాయి మీకేమైనా తెలుసా మేడం?"

"చిన్న ఊరు సార్, అందరూ తెలిసినవాళ్ళే" అన్నాను.

ఆదివారం మా అక్క వచ్చింది. సంగతి తెలిసిపోయింది ఆమెకి. మంచం మీద కూర్చుని మొదలుపెట్టింది. "మన పిల్లకంటే ఏడు మార్కులు తక్కువొచ్చిన దానికి సీటేమిటే? గెంతులేస్తే మార్కులా? ఇది పన్నెండు గంటలు కదలకుండా కూర్చుని చదివింది. నడుం నొప్పికి మార్కులివ్వరా మీ కాలేజీలో?"

"రూలు అక్కా అది."

"రూలు సంగతి నాకెందుకు? రేపు గుంటూరు వెళ్ళేది నువ్వేగా?" అంది. ఇంకేం అననక్కర్లేదు. మా అక్క కూతురు గడపలో కూర్చుని కాలి గోరు గిల్లుకుంటోంది. తల ఎత్తి నన్ను ఒకసారి చూసింది. ఏదో అనబోయి మానేసింది.

సోమవారం పొద్దున బస్సెక్కాను. దారి పొడుగునా దున్నిన నల్లరేగడి నేల వానకోసం ఎదురుచూస్తోంది. నా మనసులో ఏముందో దాచకుండా చెప్తాను. ఆ పేరు రిజిస్టర్లో ఉండకూడదని కోరుకున్నాను. నిజం తేలాలని కాదు, ఆ పిల్ల దొంగని తేలాలని. అప్పుడు మా పిల్లకి సీటు, నాకు న్యాయం చేసిన పేరు, రెండూ దక్కుతాయి కదా!

స్టేడియం పక్కన చిన్న గది, ఆ ఆఫీసు. గుమాస్తా పెద్దాయన, కళ్ళజోడుకి దారం కట్టుకుని ఉన్నాడు. సంగతి చెప్తే మారుమాట లేకుండా పొడుగాటి రిజిస్టరు తీసి, వెతక్కుండానే ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. వెతక్కుండా ఎలా తెరిచాడా అని నాకు ఠక్కున అనుమానం వచ్చింది. పేజీ మీద అమ్మాయిల కబడ్డీ జట్టు, పన్నెండు పేర్లు. పేరు, పుట్టిన తేదీ, బరువు, ఫోటో, పక్కన సంతకం. కబడ్డీకి బరువు చూసి గానీ జట్టులోకి తీసుకోరట, నాకు అప్పుడే తెలిసింది. ఆరో పేరు ఆ పిల్లదే. ఫోటోలో జడలు పైకి మడిచి కట్టుకుని, శనివారం నన్ను చూసినట్టే సూటిగా చూస్తోంది. పక్కన రైలు టిక్కెట్ల రాయితీ ఫారం నకలు, అందులోనూ ఆమె పేరు, ప్రయాణం తేదీలు. తిరుగు ప్రయాణం ముప్ఫయ్యో తేదీ. వేలితో సంతకం తడిమాను. దరఖాస్తు మీద ఉన్న సంతకమే.

ఇక చెయ్యి పెట్టి చూడ్డానికి మూటలో ఏం మిగల్లేదు.

అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. ఎంతసేపు అంటే, కళ్ళజోడు పెద్దాయన మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టినంతసేపు. రికార్డు దొరకలేదని చెప్తే? పాత రిజిస్టర్లు కట్టగట్టి పైన పడేశారట, వారం పడుతుందట అంటే ఎవరడుగుతారు? నాలుగింటికి లిస్టు ఖాయమైపోతుంది.

పెద్దాయన రిజిస్టరు మూస్తూ అన్నాడు. "శనివారం సాయంత్రం కూడా మీ కాలేజీ నుంచే ఒక సారు వచ్చి ఇదే పేజీ చూసి వెళ్ళారు మేడం. మూసే టైముకి వచ్చారు, మెడలో ఈల ఉంది. ఒకే పేజీకి ఇద్దరెందుకండీ, ఆయన మీకు చెప్పలేదా?"

పీడీ గారు! శనివారం సాయంత్రం నుంచీ ఆయనకి అంతా తెలుసు. తెలిసి కూడా నోరు మెదపలేదు. ఆ పిల్ల సర్టిఫికెట్టు కోసం కాదు ఆయన వెళ్ళింది. దాని సంగతి ఆయనకి ముందే తెలుసు. నేను తిరిగొచ్చి ఏం చెప్తానో కనిపెట్టడానికి వెళ్ళారు. నేను పిల్లల కాగితాల్లో చెయ్యి పెడుతుంటే, ఆయన నా మూటలో మోచేయి దాకా చెయ్యి పెట్టారు.

తిరుగు బస్సులో ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఎంత తిట్టుకున్నా ఒక ప్రశ్న వదల్లేదు. పెద్దాయన ఆ మాట అనకపోయి ఉంటే నేనేం చేసేదాన్ని? నిజమే చెప్పేదాన్ని అని ఇప్పుడు గట్టిగా అనొచ్చు, వినేవాళ్ళు నమ్ముతారు కూడా. నాకు మాత్రం నమ్మకం లేదు. ఆ పరీక్ష నాకు రాకుండానే జవాబు చేతికొచ్చేసింది.

కాలేజీకి వచ్చేసరికి మూడున్నర. గేటు దగ్గర వేపచెట్టు కింద ఒకపక్క మా అక్క, కూతురు. ఇంకోపక్క ఆ తండ్రి, ఆ పిల్ల. ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారు తల ఎత్తారు. పీడీ గారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు.

"కబడ్డీ సర్టిఫికెట్టు నిజమే సార్. రిజిస్టర్లో పేరు, ఫోటో, సంతకం అన్నీ ఉన్నాయి. ఆరు వందల ఎనభై తొమ్మిదికి పది కలిపితే ఆరు వందల తొంభై తొమ్మిది. చివరి సీటు ఆ అమ్మాయిదే" అన్నాను. ఊపిరి పీల్చుకుని, "ఇంకొకటి సార్. లిస్టులోంచి పోతున్న అమ్మాయి మా అక్క కూతురు. ఈ సంగతి నేను మొదటి రోజే చెప్పి ఈ ఫారాలు ముట్టుకోకుండా ఉండాల్సింది" అన్నాను.

ప్రిన్సిపాల్ గారు నన్నూ, పీడీ గారినీ మార్చి మార్చి చూశారు. "పోనీలే అమ్మా, ఇప్పుడైనా చెప్పారు" అని సంతకం పెట్టేశారు.

వరండాలో పీడీ గారిని నిలదీశాను. "శనివారం గుంటూరు వెళ్ళారటగా. నా మీద అంత అనుమానమా సార్ మీకు?"

ఆయన వక్కపొడి నమలడం ఆపారు. "అనుమానం ఉన్న మాట నిజమే మేడం. మరి మీకు ఆ పిల్ల మీద లేదూ?" అన్నారు. వెటకారం కాదు, మామూలుగానే అన్నారు.

బోర్డు మీద లిస్టు మారింది. ఆ పిల్ల చదువుకుని గట్టిగా నవ్వింది. తండ్రి రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టాడు. గుంటూరు దాకా వెళ్ళి తన కూతురి కోసం కష్టపడ్డానని అనుకున్నాడు ఆయన. అంతకంటే చెప్పుతో కొట్టినా బాగుండేది.

మా అక్క గేటు దగ్గరే గొంతెత్తింది. "సొంత అక్క కూతుర్ని కాదని ఎవత్తెకో సీటిచ్చావు. ఆ ఈలాయన నీకేం మందు పెట్టాడే?" అంది. ఊరంతా వింది. తర్వాత ఏడాదిన్నర మా గుమ్మం తొక్కలేదు. ఆ రోజు మాత్రం మా అక్క కూతురు తల్లి వెంట పోకుండా నాతో మా ఇంటికి వచ్చింది. దాని పుస్తకాలు, బట్టలు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. పెట్టెలో సర్దుకుంటోంది. నేను పక్కన కూర్చుని సర్దిచెప్పడం మొదలుపెట్టాను. నీ తప్పేం లేదే, మూడంటే మూడు మార్కులు, రూలు అలా ఉంది, ఏం చేస్తాం అని.

"రూలు మంచిదే పిన్నీ" అంది అది. నోట్సు పుస్తకం వెనక అట్ట తిప్పి నా ముందు పెట్టింది. పెన్సిల్‌తో వేసిన లెక్క. ఆరు వందల తొంభై ఆరు, కింద అయిదు, గీత కింద ఏడు వందల ఒకటి.

ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. ఇంటర్ మొదటి ఏడు అది ఎన్ఎస్ఎస్‌లో చేరతానని పేరు రాయించుకుని వచ్చింది. క్యాంపుకి కూడా వెళ్తానంది. స్నేహితురాళ్ళంతా వెళ్తున్నారు, మొక్కలు నాటుతారట, పల్లెటూళ్ళో ఉంటారట అని ఎంతో సంబరపడింది. ఆ పేరు కొట్టించేసింది వాళ్ళమ్మ కాదు, నేను. ఊడ్చడానికీ తవ్వడానికీ మార్కులొస్తాయా, ఆ పది రోజులు లెక్కలు చేసుకో అన్నాను. అప్పటికే కమిటీలో ఉన్నాను నేను. ఆ అయిదు మార్కుల రూలు నాకు కంఠతా వచ్చు. కానీ అదంతా దొంగ సర్టిఫికెట్ల వ్యవహారమేననీ, నిజంగా వెళ్ళి పనిచేసేవాళ్ళు ఉండరనీ నా నమ్మకం. మా పిల్లకి దాంతో పనేమిటి అనుకున్నాను.

"ఈ లెక్క ఎప్పుడు వేశావే?" అన్నాను.

"లిస్టు పెట్టిన రోజే. ఆ అడుగున లైను చూశాక" అంది, బట్టలు మడతపెడుతూనే. "నీకు చెప్తే బాధపడతావని ఊరుకున్నాను."